వారానికి రెండు రోజులు ఇంటి నుంచి

రండి, ఆ చాప ఇటు జరుపుకొని నా పక్కన కూర్చోండి. టీ చల్లారితే మళ్లీ పెట్టుకుందాం. ఇదేం పెద్ద కథ కాదు. పోవలసిన నా ఉద్యోగం పోకుండా ఎట్లా నిలబడిందో చెబుతాను, వినండి.

నా చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. పెళ్లయి వచ్చాక మా అత్తతో కూర్చొని బీడీలు చుట్టాను. తర్వాత కరీంనగర్‌లో కంప్యూటర్ మీద తెలుగు టైపు నేర్చుకున్నాను. ఆ టైపే నన్ను ఒక ఆఫీసుకు చేర్చింది. పొలం మోటార్లు, పంపుసెట్లు చేసే కంపెనీ తరఫున ఫిర్యాదులు అందుకునే ఆఫీసు అది. మోటారు కాలిందనో, నీళ్లు ఎక్కడం లేదనో రైతు ఫోన్ చేసి చెబితే ఆ ఫిర్యాదు కంప్యూటర్లో పడుతుంది. మేం ఆ రైతుకు తిరిగి ఫోన్ చేసి, ఫోన్‌లోనే తీరేదైతే తీర్చాలి, లేకపోతే మెకానిక్‌ను పంపాలి. బాగయ్యాక ఇంకోసారి అడిగి ఆ ఫిర్యాదును మూసెయ్యాలి. వారం లోపల అదే తిప్పలు మళ్లీ వస్తే అది తిరిగి తెరుచుకొని మా నెత్తినే కూర్చుంటుంది.

ఈ పని నాకు ప్రాణం. ఒక్కసారి విన్న గొంతు నేను మరిచిపోను. పోయిన వానకాలం మోటారు చెడిన మనిషి ఈ ఎండాకాలం ఫోన్ చేసినా, "మీ బావి కాడి స్టార్టరు బాగైందా?" అని అడుగుతాను. అవతల మనిషి సంబరపడిపోతాడు.

చిక్కంతా దారిలో ఉంది. మా ఊరు చొప్పదండి దాటి ఇంకా లోపలికి పోవాలి. ఆటో ఎక్కి చొప్పదండికి వచ్చి, అక్కడ బస్సు కోసం నిలబడి, కరీంనగర్‌లో దిగి మళ్లీ ఆటో. పోయేటప్పుడు ఎంతో, వచ్చేటప్పుడూ అంతే. సీటు దొరికిన రోజు పండుగ. ఏడాది తిరిగేసరికి నా నడుం పట్టేసింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "వెన్ను అరిగింది. కూర్చొని పనిచేసుకోవచ్చు, మధ్యమధ్య లేచి నడవాలి. కానీ రోజూ ఈ బస్సు కుదుపులైతే వద్దు" అన్నాడు. దుబాయిలో ఉన్న మా ఆయన ఫోన్‌లో, "మానెయ్యరాదు, ఎందుకీ పరేషాన్? నేను పంపిస్తున్న గదా" అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మాట విన్న నాడు నాకు అన్నం సయించలేదు.

మా మేనేజర్ సారు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. ఒక సాయంత్రం ధైర్యం తెచ్చుకొని ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను.

"సార్, జర నడుం బాగుంటలేదు. అప్పుడప్పుడు ఇంటి నుంచి చేస్త సార్."

"అప్పుడప్పుడు అంటే ఎప్పుడక్కా?"

"అంటే... నొప్పి ఎక్కువైన రోజు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "అక్కా, మీ బాధ నాకు తెల్సు. గని నొప్పి ఎప్పుడొస్తదో నాకెట్ల తెలుస్తది? ఆ రోజు మీ ఫోన్లు ఎవలు జూడాలె? ఇంట్ల పని నడుస్తుందో లేదో ఎట్ల జూసుకోవాలె? మీకొక్కరికి ఇస్తే రేపు అందరు నిలబడతరు. ఏమని చెప్పాలె?"

తల ఊపి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆ రోజు ఏమీ కనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త బీడీ చేట ముందేసుకొని ఉంది. తడిబట్టలో చుట్టిన ఆకును కత్తిరిస్తూ నా మొహం చూసింది.

"ఏమన్నడే మీ సారు?"

"ఇంట్ల కూసుంటే పని చేస్తున్ననో లేదో ఆయనకెట్ల తెలుస్తదట అత్తా."

"గదేం మాటనే! ముప్పై ఏండ్ల సంది నేను ఇంట్లనే చేస్తున్న. బీడీల కంపెనీ నా పక్కకొచ్చి కూసున్నదా? తీస్కపోయిన కట్టలు జూస్తరు. మంచియి తీస్కుంటరు, లొట్టయి పక్కకేస్తరు. అయిపాయె."

అత్త తన మానాన తాను ఆకు కత్తిరించుకుంది. నేనైతే ఆ మాట పట్టుకొనే పడుకున్నాను. సారు ముందు నా నొప్పి పెట్టాను కానీ, నా పని పెట్టలేదు. ఆయన చూసుకోవడానికి నేనేమీ ఇవ్వలేదు.

మరునాటి నుంచి భోజనాల వేళల్లో ఒక పేజీ తయారు చేశాను. నా పక్క కుర్చీలో నాకంటే చిన్నదైన పిల్ల ఒకతె కూర్చుంటుంది. డిగ్రీ చదివింది, మాటకు ముందు నవ్వుతుంది. ఆ పిల్ల కంప్యూటర్లోంచి నా మూడు నెలల పని తీసి చూపింది. ఆఫీసులో కూర్చొని రోజుకు సగటున ఎన్ని ఫిర్యాదులు మూశాను, అందులో ఎన్ని మళ్లీ తెరుచుకున్నాయి, ఫిర్యాదు పడ్డాక నా మొదటి ఫోన్ ఎంతసేపటికి పోయింది, అన్నీ అందులోనే ఉన్నాయి. నా పని నాకే అట్లా కనిపించడం అదే మొదటిసారి.

కాగితంలో నేను రాసింది ఇది. ఎప్పటికీ కావాలని అడగడం లేదు, ఎనిమిది వారాలు పరీక్షగా చూద్దాం. మంగళవారం, గురువారం ఇంటి నుంచి. సోమవారం కాదు, ఆదివారం ఫిర్యాదులన్నీ ఆ రోజే మీద పడతాయి. బుధవారం అందరం కూర్చొని మాట్లాడుకునే రోజు, అదీ కాదు. పనివేళలు ఆఫీసువే. మూసిన ఫిర్యాదులు, తిరిగి తెరుచుకున్నవి, మొదటి ఫోన్‌కు పట్టిన సమయం, ఈ మూడూ ఇంటి రోజుల్లో ఎట్లా ఉన్నాయో ఆఫీసు రోజులతో పోల్చి చూడాలి. ప్రతి శనివారం నేను ఆ లెక్క పంపుతాను. కరెంటు గానీ నెట్టు గానీ అరగంటకు మించి పోతే వెంటనే చెబుతాను. ఎనిమిది వారాల తర్వాత శుక్రవారం ఇద్దరం కూర్చొని, కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా తేల్చుకుందాం. చివర్లో ఇంకో వాక్యం కలిపాను: ఇంటి నుంచి చేసిన రోజు ఆఫీసులో కంటే ఎక్కువ ఫిర్యాదులు మూస్తాను.

సారు నిలబెట్టి మాట్లాడలేదు ఈసారి. కుర్చీ చూపించి, కాగితం రెండుసార్లు చదివాడు.

"అలకటియి, జల్ది తీరే ఫిర్యాదులు ఏరుకొని మూస్తే లెక్క మంచిగనే వస్తది గదక్కా?"

"ఏరుకునుడు నా చేతుల లేదు సార్. కంప్యూటరే వరసగ పంచుతది. అరకొరగ మూస్తే తిరిగి తెరుచుకుంటది, అది గుడ రాసిన."

"మీరు లేని రోజు మా మీద పనివడితే?"

ఆ సంగతి నాకు తట్టలేదు. సారే పెన్ను తీసి నాలుగో వరుస రాశాడు: 'ఆ రెండు రోజుల్లో మిగతావాళ్ల మీద అదనంగా పడిన పని.' తర్వాత నా చివరి వాక్యం మీద ఒక గీత గీశాడు.

"ఎక్కువ వద్దక్కా. ఆఫీసుల ఎంతో ఇంట్ల గంతే. ఎక్కువ చేస్తనని రాస్తే టైము దాటినంక గుడ కూసుంటరు. నడుం కోసం అడిగి నడుం ఇరగ్గొట్టుకుంటరా?"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎనిమిది వారాలను ఆరు చేశాడు. హైదరాబాద్ పెద్దసారును అడిగి చెబుతానన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆఫీసు ల్యాప్‌టాపు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను ఇచ్చి, "ఆరో వారం శుక్రవారం, భోజనాలైనంక. మరవకుండ్రి" అన్నాడు. ఇదే కాగితం పట్టుకొని ఇంకెవరు వచ్చినా చూస్తానని ఆఫీసులో అందరికీ చెప్పాడు. ఒక్కరికే ఇచ్చాడన్న మాట అట్లా లేకుండా పోయింది.

మొదటి మంగళవారం మా అత్త తెల్లారకముందే లేచి నడిమిల్లు అలికి, బల్ల తుడిచి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. నేను హెడ్‌ఫోను పెట్టుకొని మొదటి ఫిర్యాదు తెరిచాను. రెండో ఫోన్‌కో మూడో ఫోన్‌కో తలెత్తి చూస్తే వాకిట్లోంచి ముగ్గురు ఆడవాళ్లు చేటలు చంకన పెట్టుకొని లోపలికి వస్తున్నారు. వచ్చి నా చుట్టూ గోడవారగా కూర్చున్నారు. తంబాకు డబ్బాలు తెరిచారు, దారాలు తీశారు.

నేను చేత్తో ఏమిటని సైగ చేశాను. అత్త గుసగుసగా, "నేనే రమ్మన్ననే. ఒక్కదానివే కూసోని ఎట్ల చేస్తవు? పొద్దువోవద్దా?" అంది.

తప్పు పట్టడానికి లేదు. మా ఊళ్లో ఇంటిపని అంటే అట్లాగే. నలుగురు ఒకచోట చేరి, చేతులు చుడుతుంటే నోళ్లు మాట్లాడుతుంటాయి. ఒక్కతే గదిలో కూర్చొని పని చేసుకునే మనిషంటే ఎవరితోనూ పడనిదన్న మాట. నా కోసం ఆ ముగ్గురూ తమ అరుగు వదిలి వచ్చారు. లేచి పొమ్మని ఏ మొహంతో చెప్పేది? నేను చెప్పలేదు.

అంతలో ఆదిలాబాద్‌లోని ఒక పెద్దమనిషికి ఫోన్ చేశాను. పత్తి చేను, కొత్త మోటారు, రెండోసారి ఆగింది. ఆయన చెప్పిన చిరునామా సరిచూసుకోవడానికి నేను పైకి అన్నాను, "జిన్నింగు మిల్లు ఎనుక గల్లీయే గదా కాకా?"

అంతే. గోడవార కూర్చున్న ఒకామె చేట పక్కన పెట్టి లేచింది. ఆమె బిడ్డను ఆదిలాబాద్‌లో ఇచ్చారు.

"ఏందీ, మిల్లు ఎనుక గల్లీనా! గాడనే గదనే మా బిడ్డను ఇచ్చినం! గాయనను అడుగు, మూలమీది ఇల్లు, ముంగట కానుగ చెట్టు. మా బిడ్డకు మొన్న జరమొచ్చింది, తగ్గిందో లేదో జర అడుగు!"

నేను మైకు మీద చెయ్యి అడ్డం పెట్టేలోపే మాట వెళ్లిపోయింది.

అవతల ఆయన మరాఠీ కలిపి, "కాయ్ బాయీ, ఏందమ్మా, ఇది ఆఫీసా, అంగడా? నా మోటారు ముచ్చట ఎంతమంది ఇంటున్రు? నా నంబరు, నా ఇల్లు అందరి ముంగట చదువుతున్నవా?" అన్నాడు.

"తప్పైంది కాకా. ఇంట్లకెల్లి చేస్తున్న. మీ నంబరు ఎవలకు కనవడలే, గని మాట మాత్రం ఇన్నరు. గది తప్పే" అన్నాను. మోటారు సంగతి అడిగి, మెకానిక్‌ను పంపే ఏర్పాటు చేసి ఫోన్ పెట్టాను.

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆదిలాబాద్ బిడ్డ తల్లి, "జరం సంగతి అడుగకనే పెట్టేస్తివా?" అంది పాపం.

మా ఫోన్లన్నీ రికార్డు అవుతాయి. కానీ రోజూ నడిచే అన్ని ఫోన్లలో ఈ ఒక్కటి ఎవరూ వినకపోవచ్చు. నాకు ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. మొదటి రోజే ఇట్లా అయిందంటే కాగితం చింపేస్తారు, మళ్లీ రోజూ బస్సు, నాలుగు నెలలకు రాజీనామా. అదంతా కళ్ల ముందు తిరిగింది. అయినా, మనిషి ఎదురుగా లేని రోజు మాట మీద నమ్మకం ఉంటేనే కదా ఈ ఏర్పాటు నిలిచేది. సారుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"రికార్డింగు ఇని చెప్త అక్కా. అప్పటిదాంక ఇంకెవలకు ఫోన్ చేయకుండ్రి. రైతులు యాప్‌ల పెట్టిన మెసేజ్‌లకు జవాబులియ్యుండ్రి."

ఆ గంటసేపు నేను మెసేజ్‌లకు జవాబులు ఇస్తూనే ఉన్నాను. కానీ ప్రాణం ఫోన్ మీదే ఉంది. చివరకు ఆయనే చేశాడు.

"ఆదిలాబాద్ కాకతోటి నేను మాట్లాడి మాఫీ అడిగిన. ఆయన శాంతించిండు. మీరు నాకు చెప్పకపోతే రేపు ఆయనే చెప్పేటోడు, అప్పుడు ఈ ట్రయల్ ఇయ్యాల్నే బంద్ అయితుండె. ఇంకోసారి గిట్ల కావద్దు. తలుపు పెట్టుకునే రూము ఉందా?"

"ఉంది సార్. బియ్యం బస్తాల రూము."

"అయితే బస్తాలు బయటికి, మీరు లోపటికి" అన్నాడు. కాగితంలో ఐదో వరుస కూడా కలిపాడు: రైతు మాట, నంబరు ఇంట్లో మరొకరి చెవిన పడకూడదు. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు, ఒక్కసారి తప్పినా ఆపేస్తాడు.

కష్టమైన పని ఆ సాయంత్రం పడింది, అత్తకు చెప్పడం. తలుపు వేసుకుంటానంటే ఆమె మొహం చిన్నబోయింది.

"నేను గుడ పరాయిదాన్నైతినానే?"

"గట్ల కాదత్తా. నీ కొడుకు దుబాయిలకెల్లి నీతోటి మాట్లాడేటప్పుడు మధ్యల ఎవలో ముగ్గురు ఇనుకుంట కూసుంటే నువ్వు మనసిప్పి మాట్లాడుతవా? ఆ రైతుది గుడ గంతే. నన్ను నమ్మి చెప్తుండు."

ఆమె లేచి అన్నం వడ్డించింది, కూరలో ఉప్పు వేయడం మరిచింది. నేను ఊరుకొని తిన్నాను.

గురువారం పొద్దున నేను లేచేసరికి బియ్యం బస్తాలు నడిమింట్లో ఉన్నాయి. చేటలవాళ్లు వచ్చేసరికి అత్త గడపలోనే ఎదురుపోయింది.

"ఇయ్యాల మీ అరుగు మీదనే కూసుందాం నడువుండ్రి. లోపట ఆఫీసు నడుస్తుంది."

"అబ్బో! నీ కోడలు కలెక్టరైందా ఏందే?"

"కలెక్టరు ఆఫీసుకు పోతడు. మా కోడలు కాడికి ఆఫీసే వచ్చింది. నడువుండ్రి, నడువుండ్రి."

మూసిన తలుపు వెనక నవ్వు ఆపుకోవడానికి నేను కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

తర్వాత వారాలు సాఫీగానే పోయాయి. బస్సు లేని రోజు నడుం నా మాట వినేది. గంటకోసారి లేచి పెరట్లో నాలుగు అడుగులు వేసి మళ్లీ కూర్చునేదాన్ని. సాయంత్రం పని మూసి తలుపు తీయగానే చెరువు మీది గాలి మొహానికి తగిలేది. ఆ వేళకు ఇంతకుముందు నేను బస్టాండులో నిలబడి ఉండేదాన్ని. మూడో వారంలో రెండు మధ్యాహ్నాలు కరెంటు పోయింది. ల్యాప్‌టాపులో ఛార్జింగు ఉంది కానీ నెట్టు డబ్బా ఆరిపోయింది. ఫోన్ నుంచి నెట్టు పెట్టుకుంటే అది కుంటుకుంటూ నడిచింది. అప్పటికప్పుడే సారుకు చెప్పాను, ఆ శనివారం లెక్కలోనూ ఆ సంగతి రాసి పంపాను.

ఆరో వారం శుక్రవారం వచ్చింది. భోజనాలయ్యాక సారు గదికి పోయాను. ఆయన ముందు నేను పంపిన లెక్కలు, కంప్యూటర్ నుంచి ఆయన తీసుకున్నవి, రెండూ ఉన్నాయి. పక్క కుర్చీ పిల్లనూ పిలిచాడు.

"మూసినవి ఇంట్ల ఆఫీసుల ఇంచుమించు సమానమే. తిరిగి తెరుచుకున్నయి ఇంట్లనే జర తక్కువ. గుడ్" అన్నాడు. "గని మొదటి ఫోన్ చూడుండ్రి. మూడో వారం బాగ లేటైంది."

"కరెంటు సార్."

"తెల్సు, మీరే రాసిన్రు. గని రైతుకు కరెంటు ముచ్చట ఎందుకు? ఆయన ఎదురుచూసిండు, అంతే గద." ఆ మాట నిజమే. నేను తల ఊపాను. ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు. "నీకేమన్న భారమైందా? మొహమాటపడకు."

పిల్ల నా వైపు చూసి నవ్వింది. "గురువారం ఏం లేదు సార్. మంగళవారమే మెకానిక్‌లకు పంపే స్పేరు పార్టులొస్తయి. ఏ పార్టు ఎవలకు వంపాలెనో అక్కకు యాదికుంటది. అక్క లేకపోతే నేను డబ్బాలన్ని విప్పుకుంట కూసుంటున్న. రెండు మంగళవారాలు బస్సు గుడ తప్పింది."

ఆ సంగతి ఆ పిల్ల నాతో ఒక్కసారీ అనలేదు. "చెప్పొద్దానె పిల్లా!" అన్నాను.

"ట్రయల్ ఖరాబైతదని భయపడ్డ అక్కా."

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆపుతాడా? ఒక్క రోజుకు తగ్గిస్తాడా? ఆయన ఆలోచించి, నన్నే అడిగాడు. "మీరే నా కుర్చీల ఉంటే ఏం జేస్తరక్కా?"

"మంగళవారం ఆఫీసుకొస్త సార్. దాని బదులు శనివారం ఇంట్లకెల్లి చేస్త, ఆ రోజు పార్టుల పని ఉండదు. నెట్టు డబ్బాకు చిన్న బ్యాటరీ దొరుకుతదట, మా ఆయనకు చెప్పి తెప్పిచ్చుకుంట. మొదటి ఫోన్ లెక్క మళ్లొకసారి చూడుండ్రి."

"ఎన్ని రోజులకు చూడాలె?"

"మూడు నెలలు చూడుండ్రి సార్. అప్పటికి పొలాల పని జోరుమీదుంటది. గా రద్దీల నిలవడితెనే నిలవడ్డట్టు."

ఆయన నవ్వాడు. కాగితంలో మంగళవారం కొట్టేసి శనివారం అని రాశాడు. తర్వాత కూర్చునే రోజు కింద వేశాడు. "కొనసాగిద్దాం" అని నా చేతికిచ్చాడు. బయటికి రాగానే పక్క కుర్చీ పిల్ల నా నడుం చుట్టూ చెయ్యి వేసింది. "అక్కా, ఇగ నువ్వు పోవు గదా?" అంది. "యాడికి పోత పిల్లా?" అన్నాను.

ఇంటికి పోయి మా ఆయనకు ఫోన్ చేశాను. "మానేస్తున్నవా?" అన్నాడు. "లేదు. గురువారం, శనివారం ఇంట్లనే. ఉద్యోగం ఉన్నది" అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డాడో ఫోన్‌లోనే తెలిసింది. అత్త ఫోన్ నా చేతిలోంచి లాక్కొని, "ఇగో కొడుకా, దానికేందో బ్యాటరీ గావాల్నట, జల్ది పంపియ్యి" అని గట్టిగా చెప్పింది.

మూడు నెలల తర్వాత మళ్లీ కూర్చున్నాం. అప్పటికి మొదటి ఫోన్ వేళలు చక్కబడ్డాయి. ఆ తర్వాత ఇంకో ఇద్దరు అదే తీరుగా కాగితం రాసుకొని పోయారు. నేను ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఇంతసేపూ ఓపికగా విన్నారు. మీ ఇంట్లో కష్టపడే ప్రతి చేతికీ దాని పని దక్కాలి. ఆ పని చేసుకునే మనిషికి ఒంట్లో సుఖం ఉండాలి. సాయంత్రానికి మీ వాళ్లంతా ఒక్క చాప మీద చేరి కడుపునిండా తినాలి, మీ పొయ్యి ఎప్పుడూ వెలగాలి.